వెయ్యి మందిలో ఎందరు?

పౌష్టికాహారం ఇస్తే టీబీ రోగుల ఇళ్లలో మిగతావాళ్లకు ఆ జబ్బు రావడం 39 శాతం తగ్గిందని జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ అధ్యయనం చెప్పింది. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బళ్లారిలో తెలుగు చదివే కుటుంబాల కోసం దాన్ని ఒక పేజీలో రాద్దామని కూర్చుని, మొదటి వాక్యంలోనే ఆ 39ని పెట్టాను. జీన్స్ కుట్టే షెడ్డులో పనిచేసే ఒకావిడకు చదివి వినిపించి, ఏం తెలిసిందో చెప్పమన్నాను. "నూరు మందిలో 39 మందికి రాకుండా ఆగిందన్నమాట" అంది. ఆమె తప్పేమీ లేదు. దేంట్లో 39 శాతమో నా వాక్యం చెప్పలేదు.

అసలు లెక్క ఇది. రోగులందరికీ మందులతో పాటు తిండి సరుకులిచ్చారు. కొన్ని ఇళ్లలో మాత్రం మిగతావాళ్లకూ, పెద్దవాళ్లకైతే తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిబేడలు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అలా అందుకున్న 5,602 మందిలో 96 మందికి టీబీ వచ్చింది. అందుకోని 4,712 మందిలో 122 మందికి వచ్చింది. ఈ 96నీ 122నీ పక్కపక్కన పెట్టకూడదు, గుంపులు సమానం కావు కాబట్టి. రెండింటినీ వెయ్యికి మారిస్తే 17, 26 వస్తాయి. అంటే వెయ్యి మందిలో తొమ్మిది మంది తక్కువ. ఇంకోలా చెప్తే, 111 మందికి, అంటే సుమారు 30 ఇళ్లకు, సరుకులిస్తే ఒకరికి జబ్బు తప్పుతుంది. సరుకుల ఖర్చు లెక్కేసే పంచాయతీ మనిషికి 39 కన్నా ఈ 111 ఎక్కువ పనికొస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. 26 నుంచి 17కు తగ్గితే ఎంత శాతమని పదో తరగతి పిల్లాడు లెక్క కడితే 35 దగ్గర తేలుతుంది, 39 రాదు. గుంపుల మధ్య ఉన్న తేడాలను సవరించాక వచ్చిన అంకె 39. సవరించినదీ సవరించనిదీ ఒకే పేజీలో ఉంటే చదివేవాడు రెండింటినీ నమ్మడు. అందుకే 39ని తీసేశాను. పరిశోధకులకు ఇది నచ్చకపోవచ్చు.

తొమ్మిది కూడా రాతిమీద గీత కాదు. తగ్గుదలకు అధ్యయనం ఇచ్చిన హద్దులు 15 శాతం నుంచి 57 శాతం దాకా ఉన్నాయి. ఆ 26 మందికి వర్తింపజేస్తే, తగ్గేది నలుగురే కావచ్చు, పదిహేను మందీ కావచ్చు. దీన్ని "సుమారుగా" అనే ఒక్క మాటతో సరిపెట్టకుండా విడి వాక్యంగానే రాశాను.

చివరి పేరా మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. ఆ ఇళ్లవాళ్లలో మూడోవంతు మంది ఉండాల్సిన బరువు లేనివాళ్లు. కడుపునిండా తినే ఇళ్లలో ఇంత తేడా కనిపిస్తుందని ఈ అధ్యయనం చెప్పలేదు. తిండి మందులకు బదులనీ చెప్పలేదు. ఈ రెండూ కింద చిన్న అక్షరాల్లో కాకుండా, 26, 17 ఉన్న సైజులోనే అచ్చు వేయమన్నాను.