వణకని చారలు

వీడియోలో నడుస్తున్న మనిషికి కొత్త చొక్కా తొడిగే మోడళ్లు చాలానే వచ్చాయి. ఏ ఫ్రేమ్ దగ్గర ఆపి చూసినా చొక్కా బాగానే ఉంటుంది. ఆడిస్తే మాత్రం చారలు వణుకుతాయి, గుండీలు అటూ ఇటూ జరుగుతాయి. ఒక్కో ఫ్రేమ్‌ను విడిగా గీస్తే, మడత ఎక్కడ పడాలో మోడల్ ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి తేల్చుకుంటుంది మరి.

2024లో వచ్చిన ‘టన్నెల్ ట్రై-ఆన్’ పరిశోధనలో ఈ వణుకును పట్టిన తీరు నాకు బాగా నచ్చింది. స్టేబుల్ డిఫ్యూజన్ తరహా మోడల్ బొమ్మను 8 రెట్లు కుదించి గీస్తుంది. 512 పిక్సెళ్ల వెడల్పు లోపల 64 గడులే. మనిషి దూరంగా ఉంటే రెండు పిక్సెళ్ల చార ఆ గడుల్లో కలిసిపోతుంది. అందుకే ఈ పరిశోధకులు బట్ట ఉన్న భాగాన్ని మాత్రం పెట్టెలా కత్తిరించి, పెద్దది చేసి గీయిస్తారు. ఫ్రేమ్ వెంట ఫ్రేమ్ ఆ పెట్టెల వరసే టన్నెల్.

కొత్త చిక్కు ఇక్కడే పుడుతుంది. చొక్కా వెడల్పు 180 పిక్సెళ్లు అనుకోండి. ఈ ఫ్రేమ్‌లో పెట్టె 200, తర్వాతి ఫ్రేమ్‌లో 206గా తేలిందనుకోండి. రెంటినీ 512కి సాగదీస్తే చొక్కా 461 నుంచి 447కి తగ్గుతుంది. మనిషి కదలకపోయినా చార ఒక గడి నుంచి పక్క గడిలోకి జారుతుంది. ఫ్రేముల మధ్య ఒకే చోటును పోల్చి చూసుకునే టెంపొరల్ అటెన్షన్‌కు అక్కడ వేరే గుడ్డ కనిపిస్తుంది. తిరిగి అసలు కొలతకు తగ్గించి అతికించినా, గీత మారిపోయే ఉంటుంది.

దీనికి వీళ్లు వాడిన మందు 1960 నాటి కాల్మన్ ఫిల్టర్. అపోలో నౌకలకు దారి లెక్కగట్టింది కూడా అదే. పెట్టె ఇంతవరకు కదిలిన తీరును బట్టి ఇప్పుడెక్కడ ఉండాలో అది ముందే అంచనా వేస్తుంది. కొలిచిన విలువను పూర్తిగా నమ్మదు, అంచనాను కొంత మేరకే సరిదిద్దుతుంది. 206 అన్న కొలత 201 దగ్గరే ఆగిపోవచ్చు. పెట్టె ఫ్రేమ్‌లో ఎక్కడుందో కూడా అటెన్షన్‌కు అందిస్తారు కాబట్టి మనిషి నిజంగా నడిచిన నడకను మోడల్ పోల్చుకోగలదు. భారీ మోడల్ పక్కన ఇంత తేలికైన లెక్కను నిలబెట్టడమే అసలు పనితనం.

లోటు లేకపోలేదు. ఇలాంటి ఫిల్టర్‌ను మరీ గట్టిగా బిగిస్తే, మనిషి చటుక్కున తిరిగినప్పుడు పెట్టె వెనకబడి చెయ్యి తెగిపోతుంది. చొక్కా ముందువైపు ఫొటో ఒక్కటే ఇస్తే వీపు భాగం ఊహే.

ఫలితం నిలకడగా ఉందో లేదో మీరే చూడవచ్చు. కదలకుండా నిలబడ్డ మనిషికి మోడల్ నిలువు చారల చొక్కా తొడిగిన వీడియో తీసుకోండి. ప్రతి ఫ్రేమ్‌ నుంచీ ఛాతీ మీదుగా ఒకే అడ్డ వరుసను కత్తిరించి కిందకి పేర్చండి. చారలు తిన్నగా దిగితే పని కుదిరినట్టు. రంపపు పళ్లలా కనిపిస్తే, ముందు పెట్టె కొలతలు చూడండి.