మొదటి పేరా తీసేస్తే ఏం మిగులుతుంది?

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ని సాహిత్యం అంటే నవ్వుతారు. అప్లికేషన్‌తో పాటు పంపే రెండు పేజీల కాగితం అది. కానీ మన ఊళ్ళలో పాతికేళ్ళ లోపు పిల్లలు ఎంతమంది కథ రాస్తారు, ఎంతమంది ఎస్‌ఓపీ రాస్తారు అని ఆలోచిస్తే, ఈ తరం ఎక్కువగా రాస్తున్న ఆత్మకథ ఇదే అనిపిస్తుంది. వచనం కాబట్టి దాన్ని వచనంగానే చదవొచ్చు. విమర్శించనూ వచ్చు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి నా జూనియర్లు, వాళ్ళ జూనియర్లు కొన్నేళ్ళుగా నాకు వీటిని పంపుతున్నారు. ఇంగ్లీష్ సరిచూడమని అడుగుతారు. ఇంగ్లీష్‌లో పెద్దగా తప్పులుండవు. చిక్కంతా మొదటి పేరాకీ మూడో పేరాకీ మధ్య ఉంటుంది.

మూడు ఊళ్ళకీ మూడు మొదటి పేరాలు దాదాపు స్థిరపడిపోయాయి. హిందూపురం పేరాలో వీధి చివర నీళ్ళ ట్యాంకరు, బిందెల వరస, అందులో నిలబడ్డ అవ్వ. పెనుకొండ పేరాలో 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీ, ఒకప్పుడు వేరుశనగ పండిన నేల. ధర్మవరం పేరాలో మగ్గం, జకార్డు, నాన్న చేతులు. మూడూ నిజాలే. ఎవరూ కల్పించి రాయలేదు. మూడో పేరాకి వచ్చేసరికి మాత్రం ముగ్గురూ ఒకే మనిషి అయిపోతారు: ‘మీ విశ్వవిద్యాలయంలోని అత్యాధునిక పరిశోధనా వసతుల ద్వారా మెషీన్ లెర్నింగ్‌లో నా జ్ఞానాన్ని విస్తరించుకోవాలని...’ అవ్వ ఇంకా ట్యాంకరు దగ్గరే నిలబడి ఉంటుంది. ఆమెను మళ్ళీ ఎవరూ పలకరించరు.

నేను వాడే పరీక్ష ఒకటుంది. మొదటి పేరా మొత్తం చెరిపేసి మిగతాది చదువుతాను. చదువు ప్రణాళికలో ఒక్క మాట కూడా మార్చాల్సిన అవసరం రాకపోతే ఆ పేరా అలంకారం కింద లెక్క. తర్వాత రెండోవైపు నుంచి చూస్తాను. ప్రణాళికని అలాగే ఉంచి పైన వేరేవాళ్ళ పేరు రాస్తాను. అది కూడా అతికినట్టు సరిపోతే ఆ ప్రణాళిక ఇంకా ఎవరిదీ కాలేదు. సొంత కథకీ చదువు ప్రణాళికకీ సమతూకం అంటే సగం పేజీ ఇది, సగం పేజీ అది అనుకుంటారు చాలామంది. నా లెక్కలో ఒకటి తీస్తే రెండోది కూలిపోవాలి. అదే సమతూకం.

ధర్మవరం ఉదాహరణ కాస్త వివరంగా చూద్దాం. ఒక చేనేత కుటుంబం కుర్రాడు కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్‌కి రాసుకున్న చిత్తుప్రతి ఇది. జకార్డుతో మొదలవుతుంది. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డ్ చిల్లుల అట్టలతో మగ్గానికి డిజైన్ చెప్పే పద్ధతి తెచ్చాడు. ఒక్కో అట్ట మీది చిల్లులు ఏ పడుగు పోగులు పైకి లేవాలో నిర్ణయిస్తాయి. చార్లెస్ బాబేజ్ తన యంత్రం కోసం ఆ అట్టల ఆలోచనే తీసుకున్నాడు. కాబట్టి కంప్యూటర్‌కి ముత్తాత తన ఇంట్లోనే ఉందని కుర్రాడి వాక్యం.

అందంగానే ఉంది. కానీ ఈ సంగతి ధర్మవరంలో పుట్టకపోయినా తెలుస్తుంది. కంచిలోనో బనారస్‌లోనో ఉన్నవాళ్ళు కూడా ఇదే రాయొచ్చు. పైగా దీని వెనక ఏ కోర్సైనా పెట్టొచ్చు. క్లౌడ్ అంటే క్లౌడ్, సెక్యూరిటీ అంటే సెక్యూరిటీ. ఆ మాటే చెప్పాను. “మా ఇంట్లో మగ్గం కాకుండా ఇంకేముందన్నా రాసేకి?” అన్నాడు.

మగ్గం రాయొద్దని నేను అనలేదు. ఆ మగ్గం గురించి అతనికి మాత్రమే తెలిసిందేమిటని అడిగాను. చాలాసేపు మాట్లాడాక ఒక సంగతి బయటపడింది. ధర్మవరంలో చేతిమగ్గం చీరకి పవర్‌లూమ్ నకలు వస్తుంది. డిజైన్ అదే, రంగులు అవే, ధర తక్కువ. కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదే నేయాలని 1985లో కేంద్రం చట్టం చేసింది. కానీ అంగట్లో మడతపెట్టిన చీర ఏ మగ్గం మీద నేసిందో కొనేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? వాళ్ళ నాన్న చీర తిరగేసి, వేలితో తడిమి చెప్పేస్తాడు. ఎలా చెప్పావని అడిగితే ఆయన దగ్గర మాట ఉండదు. చెప్పగలడు గానీ నిరూపించలేడు.

ఇక్కడ కథ ప్రశ్నగా మారింది. మనిషి పేకని దగ్గరికి లాగి కొట్టే దెబ్బ ప్రతిసారీ ఒకే బలంతో పడదు. అందుకని పేక పోగుల మధ్య దూరం సన్నగా మారుతూ ఉంటుంది. యంత్రం దెబ్బలో ఆ తేడా తక్కువ. మరి ఫోను కెమెరాతో తీసిన ఫోటోలో ఆ తేడాని పట్టుకోగలమా? ఇది కంప్యూటర్ విజన్‌లో అడగదగిన ప్రశ్న. అల్లికల్ని ఫోటోల ద్వారా వర్గీకరించడం, తక్కువ డేటాతో నేర్పడం, కెమెరా మారితే మోడల్ ఎందుకు తడబడుతుందో చూడటం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. నిన్నటిదాకా ‘మెషీన్ లెర్నింగ్‌లో ఆసక్తి’ అన్న కుర్రాడికి ఇప్పుడు ఏ మూడు కోర్సులు కావాలో, ఏవి అక్కర్లేదో తెలిసింది.

దీని మీద ఫైనలియర్‌లో చిన్న ప్రాజెక్టు కూడా చేశాడు. చిత్తుప్రతిలో దానికి ఒక్క వాక్యం ఇచ్చాడు, తొంభై పైచిలుకు శాతం అక్యురసీ వచ్చిందని. నిజంగా జరిగిన కథ అంతకంటే బాగుంది. ఒక్కో చీరకి పది పన్నెండు ఫోటోలు తీశాడు. వాటన్నింటినీ కలిపేసి, కొన్నిటితో మోడల్‌కి నేర్పించి, మిగతావాటితో పరీక్ష పెట్టాడు. అంటే ఒకే చీర ఫోటోలు రెండువైపులా పడ్డాయి. మోడల్ నేత చూడటం మానేసి చీరనే గుర్తుపట్టేసింది. తర్వాత చీరల వారీగా విడదీసి చూస్తే అంకె బాగా పడిపోయింది. బాగా చేయి తిరిగిన నేతగాడి చీర యంత్రం చీర అనిపించుకుంది. పాతబడిన పవర్‌లూమ్ చీర చేతిమగ్గం అనిపించుకుంది.

ఈ పడిపోవడాన్ని అతను దాచేశాడు. నా దృష్టిలో ఎస్‌ఓపీ మొత్తానికి గుండె అదే. అప్లికేషన్లు చదివే ప్రొఫెసర్‌కి తొంభై పైచిలుకు అనే అంకె కొత్త కాదు. అంకె ఎందుకు పెరిగిందో అనుమానించి, విడదీసి, తక్కువ అంకెని ఒప్పుకున్న విద్యార్థి కొత్త. అక్కడి నుంచి ప్రణాళిక దానంతటదే వస్తుంది: ఇప్పుడు నాకు తెలియనిది ఇది, దీనికోసం నేను నేర్చుకోవాల్సింది ఇది, మీ దగ్గర అది నేర్పే కోర్సు ఇది.

మార్చి రాసిన ప్రతిలో మొదటి పేరా నాలుగు వాక్యాలే. నాన్న చీర తిరగేయడం, చెప్పగలగడం, నిరూపించలేకపోవడం, చివర ప్రశ్న. జకార్డ్ లేడు, బాబేజ్ లేడు. ఆ పేరా చెరిపేస్తే తర్వాతి ప్రాజెక్టు ఎందుకు చేశాడో అర్థం కాదు. ప్రణాళిక పైన ఇంకొకరి పేరు రాస్తే ఆ ప్రశ్న ఎక్కడిదో తెలియదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది, అది వచనానికి సంబంధించింది కాదు. మొదటి చిత్తుప్రతిలో వాళ్ళ వీధిలో అప్పులతో ప్రాణం తీసుకున్న ఒక నేతగాడి ప్రస్తావన ఉండేది. అలాంటి చావులు ధర్మవరానికి కొత్త కాదు. వాక్యం బాగానే రాశాడు, చదివితే కదిలిస్తుంది. కానీ తర్వాతి పేజీలో ఆ మనిషికి పని లేదు. సీమ కథలు చదివేవాళ్ళకి ఈ ఇబ్బంది తెలుసు. కరువు పేరు చెప్పగానే పాఠకుడు మెత్తబడతాడు, ఆ మెత్తదనం మీద బలహీనమైన కథ కూడా నడిచిపోతుంది. మంచి సీమ కథలో కరువు విత్తనాల ధరగా, వడ్డీగా, అమ్మేసిన ఎద్దుగా లెక్కలోకి వస్తుంది. ఎస్‌ఓపీలో కూడా పక్కింటి చావు సీటు కోసం వాడుకునే సరుకు కాకూడదు. కుర్రాడు ఆ వాక్యం తానే తీసేశాడు.

పేదరికం గురించి, ఇంట్లో మొదటి డిగ్రీ తనదే కావడం గురించి చెప్పుకునే చోటే లేదా అంటే, ఉంది. బర్క్‌లీ లాంటి విశ్వవిద్యాలయాలు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌తో పాటు పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని వేరే కాగితం అడుగుతాయి. ఎదుర్కొన్న అడ్డంకులు, నడిచొచ్చిన దారి అక్కడ రాయాలి. రెండిట్లోనూ ఒకే పేరా అతికించేవాళ్ళున్నారు. ఒకటే కాగితం అడిగిన చోట మాత్రం చదువుకి తగిలిన అడ్డంకిని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్ళడం మేలు. ఒక సెమిస్టర్ మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పాల్సి వస్తే అది కూడా అంతే.

ప్రణాళిక వైపు కూడా అతి ఉంటుంది. పెనుకొండ నుంచి వచ్చిన ఒక ప్రతిలో ఐదుగురు ప్రొఫెసర్ల పేర్లు వరసగా ఉన్నాయి. ఐదుగురివీ ఐదు వేర్వేరు దారులు. వెబ్‌సైట్ చూసి ఎక్కించాడని ఇట్టే తెలిసిపోతుంది. థీసిస్ ఉన్న మాస్టర్స్ అయితే ఒకరిద్దరి పేర్లు చాలు, వాళ్ళ పనిలో ఏ భాగం మన ప్రశ్నకి తగులుతుందో కూడా చెప్పాలి. కోర్సులు మాత్రమే ఉండే ఎమ్మెస్‌కి పేర్ల కంటే సబ్జెక్టులు, చేయదలచిన ప్రాజెక్టు ముఖ్యం. ఆ పెనుకొండ అబ్బాయి కియాకి విడిభాగాలిచ్చే ఒక చిన్న యూనిట్‌లో ఇంటర్న్‌గా ఉన్నాడు. ఒక భాగం ఆలస్యమైతే ఏ షిఫ్టు ఎలా ఆగిందో పూసగుచ్చినట్టు చెప్పగలడు. అది ఎస్‌ఓపీలో లేదు. ఫ్యాక్టరీ గొప్పదనం ఉంది.

హిందూపురం అమ్మాయి కూడా అంతే. ట్యాంకరు ఏ వారం రాలేదో, ఏ వీధి బోరు ఎప్పుడు ఎండిందో వాళ్ళ అవ్వ నోటిలెక్కగా చెబుతుందట. భూగర్భజలాల మీద చదవబోయే అమ్మాయికి అంతకంటే మంచి మొదటి డేటా ఏముంటుంది? అది ఎంతవరకు నమ్మదగింది, బోరు లోతు కొలతలతో ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ తేలిపోతుంది అన్నవే రెండో పేజీ కావాలి. అప్పుడు అవ్వ బిందె పట్టుకుని మొదటి పేరాలోనే నిలబడిపోదు, రెండో పేజీలోకి కూడా నడిచొస్తుంది.