ముక్కుకి ఒకటే నీడ

1956లో వచ్చిన ‘అపరాజితో’ సినిమాలో కాశీ ఇంటి మండువా చూస్తే అది కలకత్తా స్టూడియోలో వేసిన సెట్టని నమ్మబుద్ధి కాదు. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్ర ఆ మండువా పైన, ఆకాశం కనిపించాల్సిన చోట, తెల్లగుడ్డ పరిపించారు. దీపాలను నటుల మీదకు కాకుండా ఆ గుడ్డ మీదకు తిప్పించారు. గుడ్డకు తగిలి తిరిగొచ్చిన వెలుగు నిజమైన పగటి వెలుగులా ముఖాల మీద పరుచుకుంది. నీడ అంచు పదునుగా ఉంటుందా మెత్తగా ఉంటుందా అన్నది దీపం బలాన్ని బట్టి ఉండదు. వెలుగు వచ్చే చోటు ముఖానికి ఎంత పెద్దగా కనిపిస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంట్లో కూర్చుని ఫోనుతో వీడియో తీసుకునేవాళ్లకు ఆ గుడ్డ ముందే అమర్చి ఉంది. అదే కిటికీ. ఇంటి నుంచి ఫిజిక్సు పాఠాలు చెప్పే ఒక టీచరుగారిని ఊహించుకుందాం. ఉత్తరం వైపు కిటికీ ఉంది, చేతిలో ఒక చవక టేబుల్ ల్యాంపు ఉంది. చాలామంది కిటికీకి వీపు పెట్టి కూర్చుంటారు, ముఖం నల్లబడిపోతుంది. ఇంకొందరు కిటికీని సరిగ్గా చెవి పక్కన పెట్టుకుంటారు, సగం ముఖం మాయమవుతుంది. టీచరుగారు కిటికీకి మూడడుగుల దూరంలో, వెలుగు ముందు నుంచి ఏటవాలుగా పడేలా కుర్చీ వేసుకోవాలి. వీపు వెనక గోడ నాలుగైదు అడుగులైనా దూరంగా ఉంటే ఆమె నీడ దాని మీద గీత గీసినట్టు పడదు. ఎండ నేరుగా పడే కిటికీ అయితే పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టాలి. రంగు కర్టెను మాత్రం వద్దు, దాని రంగే ముఖానికి అంటుకుంటుంది.

ఇప్పుడు రెండో చెంప చీకటిగా ఉంటుంది. అక్కడే ల్యాంపు గుర్తొస్తుంది, అక్కడే పని చెడుతుంది. ల్యాంపును నేరుగా ముఖానికి పెడితే ముక్కుకి ఇటొకటి అటొకటి రెండు నీడలు పడతాయి. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. అందుకని ముందు ల్యాంపు లేకుండా ఒక థర్మోకోల్ అట్టను ఆ చెంప పక్కన, ఫ్రేములోకి రాకుండా వీలైనంత దగ్గరగా నిలబెట్టి చూడాలి. కిటికీ వెలుగే దానికి తగిలి వెనక్కి వస్తుంది. చాలాసార్లు అంతటితో సరిపోతుందని నా అభిప్రాయం. చాలకపోతే ల్యాంపు ముఖాన్ని అట్ట వైపు తిప్పాలి, టీచరుగారి వైపు కాదు. ఆ చెంప కిటికీ వైపు చెంప కన్నా కొంచెం చీకటిగానే మిగలాలి. రెండూ సమానమైతే ముఖం చదునుగా కనిపిస్తుంది.

ఇక రంగు. పగటి వెలుగు 5500 కెల్విన్లకు అటూ ఇటూ ఉంటుంది. ఎండ తగలని ఉత్తరపు కిటికీ నుంచి వచ్చే ఆకాశపు వెలుగు ఇంకా నీలం వైపు ఉంటుంది. పసుపు వెలుగిచ్చే బల్బు 2700 దగ్గర ఉంటుంది. రెండూ ఒకేసారి పడితే ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది. ఫోను ఫ్రేము మొత్తానికీ ఒకే దిద్దుబాటు చేస్తుంది కాబట్టి, ఒక చెంపను సరిచేస్తే రెండోది మరింత చెడుతుంది. కిటికీ రంగును మనం మార్చలేం, బల్బును మార్చగలం. డబ్బా మీద 6500K అని రాసి ఉన్న ‘కూల్ డేలైట్’ బల్బు తెచ్చి ల్యాంపుకు పెట్టుకోవాలి. సీలింగు మీది లైట్లు ఆర్పేయాలి. ల్యాంపు వెలుగును పచ్చరంగు గోడకు తగిలేలా మాత్రం పెట్టకూడదు.

కుదిరిందో లేదో కంటితో తేలదు, కన్ను తనంతట తాను సర్దుకుంటుంది. తెల్ల కాగితాన్ని నిలువునా మధ్యకు మడిచి, మడత ఫోను వైపు వచ్చేలా ముఖం ముందు పట్టుకుని రికార్డు చేయాలి. ఒక సగం కిటికీని, ఒక సగం అట్టను చూస్తుంది. ఒక సగం కొంచెం మసకగా ఉన్నా పరవాలేదు, రంగు మాత్రం రెంటికీ ఒకటే ఉండాలి. ఆ తర్వాత ఫోనులో వైట్ బ్యాలెన్సు, ఎక్స్‌పోజరు రెండూ లాక్ చేయాలి. లేకపోతే మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా ముఖం రంగు మారుతుంది. చవక ఎల్‌ఈడీ కింద తెర మీద చారలు కదులుతుంటే షట్టరును 1/50కో 1/100కో మార్చాలి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి.

సాయంత్రం ఈ ఏర్పాటు నిలవదు. కిటికీ వెలుగు తగ్గేకొద్దీ ల్యాంపు పైచేయి అవుతుంది, సూర్యాస్తమయం వేళ కిటికీ రంగు కూడా మారిపోతుంది. పాఠం మిగిలిపోతే కిటికీ పూర్తిగా మూసేసి, ల్యాంపును తెల్ల సీలింగుకు తిప్పి, కాగితం పరీక్ష మళ్లీ చేసి, వైట్ బ్యాలెన్సును కొత్తగా లాక్ చేసుకుని తీయడం మంచిది. పగలు తీసిన ముక్కకు దీన్ని పక్కనే అతికిస్తే తేడా కనిపిస్తుంది కాబట్టి, దీన్ని వేరే పాఠంగానే పెట్టుకోవాలి.