ఆరు వందల గీత దగ్గర

నా మిత్రురాళ్లిద్దరూ టీచర్లు. ఒకరిది నెల్లూరు, ఒకరిది వరంగల్. రామప్ప గుడి మీద కలిసి ఒక పోటీ వ్యాసం రాశారు. నిబంధనలో ఒకే వాక్యం: వ్యాసం 600 పదాలు మించరాదు. శీర్షిక, అధస్సూచికలు లెక్కలోకి వస్తాయో రావో అందులో లేదు. అడుగుదామంటే గడువుకు ముందు వచ్చినవి రెండు సెలవు రోజులు. వాళ్లు దాన్ని ఆ గీతకు దించిన తీరు చూశాక ఆ చిత్తుప్రతుల్ని దాచుకున్నాను.

తెర మీద మొదటి లెక్క 641. కంప్యూటర్ లెక్కపెట్టేది పదాలను కాదు, ఖాళీల మధ్య ఉన్న ముక్కలను. నెల్లూరావిడ విడగొట్టి రాస్తుంది, వరంగల్ ఆవిడ కలిపి రాస్తుంది. అందుకే దాదాపు సమానమైన విషయానికి ఒకరి భాగం బరువుగా తూగింది. ముందు చేసిన పని కోత కాదు, రాతను ఒక తీరుకు తేవడం. మొదటి ఆవిడ వాక్యం ఇలా ఉంది:

«ఈ ఆలయాన్ని రేచర్ల రుద్రుడు 1213 వ సంవత్సరం లో నిర్మింప జేసి నట్టు శాసనం వల్ల తెలుసు కోవచ్చు.»

పదిహేను ముక్కలు. ఉండాల్సిన తీరులో కలిపితే («1213వ», «సంవత్సరంలో», «నిర్మింపజేసినట్టు», «తెలుసుకోవచ్చు») పది. ఒక్క అర్థం కూడా పోలేదు. ఇక్కడ వాళ్ల నిగ్రహం నాకు నచ్చింది. లో, కి వంటివి కలిపారు గానీ «వల్ల», «గురించి» జోలికి పోలేదు. «శాసనంవల్ల» అని అతికిస్తే ఇంకో పదం మిగిలేదే. పరీక్షకుడి కంటికి అది దొంగలెక్క అవుతుంది.

అప్పటికి 607. అసలు కోత ఇప్పుడు మొదలైంది. పై వాక్యమే «1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం చెబుతోంది» అయింది. ఆరే పదాలు, పైగా ఎవరు చెబుతున్నారో స్పష్టం. కానీ ఎక్కువ మిగిలింది ఇద్దరి భాగాలు కలిసే చోట. నీటిపై తేలే ఇటుకలను ఒకరు చివర్లో పరిచయం చేస్తే, రెండో వారు మొదట్లో మళ్లీ చేశారు. కలిసి రాసినవాటిలో కొవ్వు చేరేది అక్కడే. ఎవరి వాక్యం వాళ్లకు ముద్దు కాబట్టి ఒక ఒప్పందం చేసుకున్నారు: అతుకు దగ్గర ఒకరి వాక్యాన్ని రెండోవారే కొట్టేయాలి. నేనైతే గొడవపడేవాణ్ణి.

అలా ప్రధాన పాఠం 572కు దిగింది. తర్వాత అన్నిటికన్నా కఠినమైన లెక్క వేశారు. శీర్షిక 4, రెండు అధస్సూచికలు 19, అన్నీ కలిపి 595. ఆపైన రెండు వైపులా ఖాళీ వదిలి పెట్టిన గీతలను తీసేశారు. `wc -w` లాంటి లెక్కలో ఒంటరి గీత కూడా ఒక పదమే. వాళ్ల వ్యాసంలో అవి ఏడున్నాయి, వాళ్ల తెర లెక్క మాత్రం ఒంటరి గీతలను ముక్కలుగా లెక్కించలేదు. అవి అలాగే ఉంటే 595 కాస్తా 602 అయ్యేది.

ఆఖర్లో ఐదు పదాల చోటు మిగిలింది. నెల్లూరావిడ ఒక విశేషణం వెనక్కి తెద్దామంది. రెండో ఆవిడ ఒప్పుకోలేదు. ఆ చోటు అలాగే ఖాళీగా వెళ్లింది.