పదహారు గళ్లలో వరికంకి

బాపట్లలో రూపుదిద్దుకొని 1986లో విడుదలైన సాంబమసూరి అసలు పేరు బీపీటీ 5204. ఆ మూడక్షరాల్లో ఉన్నది బాపట్లే. మన వైపు బియ్యం కొట్లలో ఇప్పటికీ ‘బీపీటీ’ అంటే చాలు. ఆ బియ్యం అమ్మే రేపల్లె వ్యాపారి ఒకాయన తన వెబ్‌సైట్‌కి గుర్తు చేయించుకోవడానికి తెనాలిలో ఒక డీటీపీ షాపుకి వచ్చాడు. బస్తా మీద ఉన్న వరికంకి బొమ్మే కావాలన్నాడు. ఆ బొమ్మ ఆయన దగ్గర వాట్సాప్‌లో వచ్చిన జేపీజీగా మాత్రమే ఉంది. దాన్ని చిన్నది చేసి పెడితే సరిపోతుందని ఆయన లెక్క. షాపులో డిజైన్లు చేసే అమ్మాయి మాత్రం ముందు ఆ బొమ్మను ఎనిమిది వందల శాతానికి పెంచి ఆయనకు చూపించింది.

కంకి అంచుల చుట్టూ దుమ్ము రేగినట్టు బూడిదరంగు చుక్కలు. ఆకుపచ్చ పక్కనున్న తెలుపులోకి కారింది. దీనికి కారణం జేపీజీ పనిచేసే తీరులోనే ఉంది. అది బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో రంగు ఎంత నెమ్మదిగా, ఎంత వేగంగా మారుతోందో లెక్కగట్టి, మన కంటికి అంతగా ఆనదనుకున్న వేగపు మార్పుల్ని కుదించేస్తుంది. పైగా రంగుల వివరాన్ని చాలాసార్లు నిలువునా అడ్డంగా సగానికి తగ్గిస్తుంది. ఆకాశం, ముఖం, పొలం లాంటి ఫొటోల్లో ఈ నష్టం తెలియదు. గుర్తుకి మాత్రం ప్రాణం అంచులోనే ఉంటుంది. ఆకుపచ్చ ఆగి తెలుపు మొదలయ్యే చోటు కంటే వేగమైన మార్పు ఇంకేముంటుంది? జేపీజీ కోత సరిగ్గా అక్కడే పడుతుంది.

“దీన్నే పీఎన్‌జీగా సేవ్ చేసివ్వమ్మా” అన్నాడాయన. పీఎన్‌జీ ఒక్క పిక్సెల్‌ని కూడా పోగొట్టదన్న మాట నిజమే. కానీ దుమ్మును కూడా పోగొట్టదు, ఉన్నదున్నట్టు భద్రంగా దాస్తుంది. కోరల్‌డ్రాలో ఆటోమేటిక్‌గా ట్రేస్ చేయించినా ఆ దుమ్మునే గీతగా నమ్మి, గింజ అంచుకి అక్కరలేని నోడ్లు పదుల కొద్దీ పుట్టిస్తుంది. అందుకే ఆమె పాత బొమ్మను వెనక పొరలో లేతగా ఉంచి, కంకిని కొత్తగా గీసింది.

పని కోసం 24 యూనిట్ల వెడల్పు, 24 యూనిట్ల ఎత్తున్న చదరం తీసుకుంది. కాడ మందం రెండు యూనిట్లు. కాడను నట్టనడుమ, అంటే 12 దగ్గర నిలబెట్టడమే ఎవరికైనా మొదట తోచే పని. అప్పుడు దాని అంచులు 11, 13 గీతల మీద పడతాయి. 24 పిక్సెళ్ల సైజులో ఇబ్బంది లేదు. రెండింతలైతే అంచులు 22, 26 అవుతాయి, అదీ బాగానే ఉంటుంది. కానీ కంప్యూటర్ తెర 150 శాతం స్కేలింగ్‌లో ఉంటే అదే గుర్తు 36 పిక్సెళ్లవుతుంది. అంచులు 16.5, 19.5 దగ్గర పడతాయి. అర పిక్సెల్ అన్నది తెర మీద ఉండదు. అటూ ఇటూ ఉన్న పిక్సెళ్లకు సగం సగం రంగు పులమడం తప్ప బ్రౌజర్‌కి వేరే దారి లేదు. నున్నటి కాడ రెండు పక్కలా మసక వచ్చేది ఇందుకే.

ఆమె కాడను ఒక్క యూనిట్ ఎడమకు జరిపి 11 దగ్గర పెట్టింది. ఇప్పుడు అంచులు 10, 12. రెండూ సరిసంఖ్యలు కాబట్టి ఒకటిన్నర రెట్లు చేసినా 15, 18 అని నిండు పిక్సెళ్లే వస్తాయి. ఐఫోన్ హోమ్ తెరకు కావలసిన 180 పిక్సెళ్ల సైజు ఏడున్నర రెట్లు. అక్కడా 75, 90. మరి కాడ పక్కకు జరిగితే బొమ్మ ఒరిగినట్టు ఉండదా అంటే, పండిన కంకి ఎలాగూ ఒక పక్కకు వాలుతుంది. గింజల బరువంతా కుడివైపు వంచేసరికి ఎడమకు జరిగిన కాడే సహజంగా కుదిరింది. లెక్క కోసం చేసిన సవరణ బొమ్మకు అందంగా అమరడం ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు. అయితే 125 శాతం స్కేలింగ్‌లో ఈ ఉపాయం పారదు. అక్కడ ఎడమ అంచు 12.5 దగ్గర పడుతుంది. అన్ని తెరలకూ సరిపడే అంకె లేదు. ఎక్కువ మంది వాడే రెట్లకు కుదిర్చి, మిగతా వాటికి కొంచెం మసకను ఒప్పుకోవడమే.

బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే 16 పిక్సెళ్ల గుర్తు సంగతి వేరు. 24 నుంచి 16కి దించితే రెండు యూనిట్ల కాడ ఒకటీ మూడో వంతు పిక్సెల్ అవుతుంది. దాన్ని ఎక్కడికి జరిపినా ఏదో ఒక అంచు మసకబారక తప్పదు. పెద్ద బొమ్మలో గింజకీ గింజకీ మధ్య ఆమె ఒక యూనిట్ ఖాళీ ఉంచింది. ఇక్కడ అది పిక్సెల్‌లో మూడింట రెండు వంతులకు పడిపోయి, తొమ్మిది గింజలూ కలిసి పచ్చటి ముద్దయిపోతాయి. అందుకని ఆ సైజుకు 16 యూనిట్ల చదరంలో కంకిని ఆమె మళ్లీ గీసింది. కాడ అంచులు 6, 8. గింజలు మూడే, మధ్యలో నిండుగా ఒక్కో పిక్సెల్ ఖాళీ. పెద్ద బొమ్మ పక్కన పెట్టి పోల్చితే ఇది వేరే కంకి. ట్యాబ్ మీద చూస్తే మాత్రం అదే కంకి అనిపిస్తుంది.

అలా రెండు మూల ఎస్‌వీజీలు తయారయ్యాయి. ఎస్‌వీజీలో పిక్సెళ్లు ఉండవు, గీత ఎక్కడ మొదలై ఎలా వంగి ఎక్కడ ఆగాలో చెప్పే అంకెలే ఉంటాయి. కాబట్టి ప్రతి సైజునూ మూలం నుంచే నేరుగా తీయాలి. పెద్ద పీఎన్‌జీని కుదించి చిన్నవి చేసుకుంటే, అంచుల్ని గీతల మీద కూర్చోబెట్టిన శ్రమ ఆ కుదింపులో కలిసిపోవచ్చు. 16, 32 సైజులు చిన్న మూలం నుంచి, 48, 180, 192, 512 పెద్ద మూలం నుంచి వచ్చాయి. 512 అన్నది 24కి సరి రెట్టు కాదు. అయినా కాడే నలభై పిక్సెళ్లకు పైగా ఉన్నప్పుడు అంచున పిక్సెల్ ముక్క మసక ఎవరికీ కనబడదు.

```
inkscape kanki-16.svg -w 16 -h 16 -o k16.png
inkscape kanki-16.svg -w 32 -h 32 -o k32.png
inkscape kanki-24.svg -w 48 -h 48 -o k48.png
magick k16.png k32.png k48.png favicon.ico
```

180 సైజుకు మాత్రం ఆమె వెనక తెల్లటి నేల వేసింది. పారదర్శకంగా వదిలేస్తే ఐఫోన్ ఆ ఖాళీని నల్లగా నింపుతుంది. ఆండ్రాయిడ్ కోసం 512లో ఇంకొకటి చేసింది. కొన్ని ఫోన్లు గుర్తును గుండ్రంగా కోస్తాయి గనుక, నడిమి 80 శాతం వృత్తం దాటకుండా కంకిని కాస్త లోపలికి లాగింది.

కొట్టు పేరు కూడా తెలుగులో ఉన్న వెడల్పాటి లోగో ఒకటి ఆయన అడిగాడు. మన డీటీపీ షాపుల్లో చాలాచోట్ల అక్షరాలు అను ఫాంట్లలోనే కూర్చుతారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. ప్రెస్‌కి పంపేముందు ‘కర్వ్స్ చేశావా?’ అని అడిగేది అందుకే. వెబ్‌కిచ్చే ఎస్‌వీజీకీ అదే జాగ్రత్త. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ నొక్కితే అక్షరం గీతగా మారుతుంది, ఇక ఏ ఫాంటుతోనూ పని లేదు. మార్చాక అక్షరదోషం దిద్దలేం కాబట్టి, మార్చని ఫైలును ఆమె వేరే పేరుతో దాచుకుంది.

చివర్లో ఆయన కొట్టు ముందు తీసిన ఫొటో ఇచ్చి, దీన్ని కూడా పీఎన్‌జీలోనే పెట్టమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఒకే రంగు పరుచుకున్న చోట పీఎన్‌జీ పక్క పిక్సెల్‌తో తేడాను మాత్రమే రాసుకుంటుంది. తేడా సున్నా అయినప్పుడు ఫైలు చిక్కిపోతుంది. కంకి గుర్తు అంత తేలికగా ఉన్నది ఆ సున్నాల వల్లే. ఫొటోలో బస్తా పీచు, గోడ మరక, ఎండ, నీడ అన్నీ కలిసి పిక్సెల్ పిక్సెల్‌కీ తేడా పుట్టిస్తాయి, ఫైలు ఎన్నో రెట్లు బరువెక్కుతుంది. ఆ ఒక్కటి జేపీజీలోనే ఇచ్చి పంపింది.