తలకిందులుగా దూరని పసుపు ప్లగ్గు

డ్రోన్ బ్యాటరీ చివర ఉండే పసుపు ప్లగ్గు, ఎక్స్‌టీ60ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఒక చివర చదునుగా ఉంటుంది, రెండో చివర మూలలు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. చదునైన వైపు ప్లస్, చెక్కిన వైపు మైనస్. గుర్తులు ప్లాస్టిక్‌లోనే పోతపోసి ఉన్నా వాటిని చదవనక్కర్లేదు, చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. లోపల 3.5 మిల్లీమీటర్ల బంగారు పూత పిన్నులు. పిన్నుకు నిలువునా గాట్లు పెట్టారు కాబట్టి అది స్ప్రింగులా విచ్చుకుని ఎదురు సగంలోని గొట్టం గోడల్ని గట్టిగా పట్టుకుంటుంది. బ్యాటరీ వైపు ఎప్పుడూ గొట్టాలే పెడతారు. కరెంటున్న లోహం బయటికి పొడుచుకు రాకూడదన్నది అందులోని ఆలోచన. ఎక్స్‌టీ30, ఎక్స్‌టీ90 దీని చిన్నా పెద్దా రూపాలే.

వైరు సోల్డరింగ్ చేసేటప్పుడు మాత్రం రెండో సగాన్ని తగిలించి ఉంచాలి. లేకపోతే వేడికి నైలాన్ మెత్తబడి పిన్ను పక్కకు ఒరుగుతుంది. అలా ఆకారం చెడిన ప్లగ్గునే బలవంతంగా తిప్పి నొక్కే ప్రమాదం ఉంది. ప్లస్, మైనస్ తారుమారైతే మోటారు స్పీడు కంట్రోలర్‌లోని మాస్‌ఫెట్ల అంతర్గత డయోడ్లు తెరుచుకుంటాయి. అది బ్యాటరీని షార్టు చేసినట్టే. కెపాసిటర్ ఉబ్బి పేలుతుంది, బోర్డు మాడుతుంది. ఈ ప్లగ్గు దూరడం లేదంటే కారణం ఉన్నట్టే, బలం వాడకండి.

జేఎస్‌టీ సంగతి వేరు. అది ఒక ప్లగ్గు పేరు కాదు, జపాన్ కంపెనీ పేరు. ఆ కంపెనీ రకాలు ఎన్నో. చార్జింగ్ సమయంలో సెల్లులను సమం చేసే తెల్ల ప్లగ్గు ఎక్స్‌హెచ్, దాని పిన్నుల మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు. చిన్న బోర్డుల మీది పీహెచ్‌లో అది 2 మిల్లీమీటర్లే. స్కేలు పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

పీహెచ్ అచ్చు కూడా ముచ్చటైనదే, తిరగేస్తే దూరదు. కానీ ఏ గదిలో ఎర్ర వైరు, ఏ గదిలో నల్ల వైరు అన్నది కంపెనీ నిర్ణయించలేదు. ఒకరి సెల్లు ఇంకొకరి బోర్డులో చక్కగా ఇమిడిపోతుంది, ధ్రువాలు మాత్రం తలకిందులుగా ఉండొచ్చు. ఇక్కడ బలవంతం చేయాల్సిన పనే లేదు, అందుకే ఎక్కువ ప్రమాదం.

కాబట్టి తగిలించకముందే ప్లగ్గును బోర్డు పక్కన, దూరే దిశలోనే పట్టుకోండి. బోర్డు మీది ప్లస్ గుర్తుకు ఎదురొచ్చే గదికి మల్టీమీటర్ ఎర్ర ప్రోబు, రెండోదానికి నల్లది ఆనించండి. 3.7 వోల్టుల దరిదాపుల్లో అంకె వస్తే సరే. ముందు మైనస్ కనిపిస్తే వైర్లు మార్చాలి. కాంటాక్టును పట్టి ఉంచే చిన్న కొక్కేన్ని సూదితో జాగ్రత్తగా వదులుచేసి, ఒక వైరు లాగి వెంటనే టేపు చుట్టాలి. ఆ తర్వాతే రెండోది లాగాలి. రెండు కొసలూ తాకితే సెల్లు షార్టవుతుంది. మార్చాక మీటరు మళ్లీ పెట్టి చూడండి.