బోర్డు మీద ఆ బాణం గుర్తు

టీచర్‌గారూ,

శాలిబండలో ఉర్దూ మాట్లాడే మా ఇళ్లలో దర్వాజా పుంలింగం, కితాబ్ స్త్రీలింగం. తెలుగులోనూ ప్రతి వస్తువుకూ లింగం వెతుక్కునేవాళ్లం. మీరు సూత్రంతో మొదలుపెట్టలేదు. బోర్డుకు ఎడమవైపు ‘అన్న వచ్చాడు’, కుడివైపు ‘అక్క వచ్చింది, బస్సు వచ్చింది’ అని రాశారు. తర్వాత బహువచనం చెప్పమన్నారు. క్లాసంతా ‘అక్కలు వచ్చాయి’ అంది. మీరు అక్కల దగ్గర్నుంచి ఎడమవైపుకు బాణం గీసి, ‘అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు’ అని రాశారు. బస్సులు మాత్రం కుడివైపే ఉండి ‘వచ్చాయి’ అయ్యాయి.

మహత్తు, మహతి, అమహత్తు అనే పేర్లు ఆ తర్వాతే చెప్పారు. ముందు వాక్యం, వెనక పేరు: ఆ వరసే మీ పనితనం. అందుకే తర్వాత చిన్నయసూరి బాలవ్యాకరణం తెరిచినప్పుడు నాకు భయం వేయలేదు.

‘అమ్మమ్మగారు వచ్చారు’ అన్నప్పుడు మనిషి ఒక్కరే అయినా క్రియ బహువచనంలో ఉండేది మర్యాద కోసమని కూడా ఆరోజే చెప్పారు.

మీ విద్యార్థిని